రానివాళ్ళని తీసేసి పాస్, ఫెయిల్ శాతం: 48తో భాగించాలా, 42తోనా?

ప్రశ్న: మా క్లాసు లిస్టులో 48 మంది ఉన్నారు. లెక్కల పరీక్ష మార్కులు ఎక్సెల్‌లో ఎక్కించాను, పరీక్ష రాయనివాళ్ళకి AB అని పెట్టాను. పాస్ మార్కు 35. పాస్ 33, ఫెయిల్ 9 వచ్చాయి. శాతం తీస్తే 68.75, 18.75 వస్తున్నాయి, రెండూ కలిపితే 87.5 మాత్రమే. రానివాళ్ళని తీసేసి శాతం ఇమ్మంటున్నారు. IF పెట్టి ఇంకోలా చేస్తే పాస్ 81.25, ఫెయిల్ 18.75 వచ్చి సరిగ్గా 100 అయింది. ఆ రెండోదే రైటు అనుకుని ఇచ్చేయవచ్చా?

జవాబు:

ఇవ్వకండి. ఆ రెండోది మొదటిదానికంటే పెద్ద తప్పు. మొదటిదాంట్లో కనీసం మొత్తం 100 రాలేదు కాబట్టి మీకు అనుమానం వచ్చి ఇక్కడ అడిగారు, రెండోది చక్కగా 100 చూపించి మిమ్మల్ని నమ్మించేస్తోంది. మీకు రావాల్సిన జవాబు పాస్ 78.57 శాతం, ఫెయిల్ 21.43 శాతం. ఎలాగో చెప్తాను, మీరు చేసిన రెండు లెక్కల్లో ఏం జరిగిందో కూడా చెప్తాను, ఎందుకంటే పరీక్షల రికార్డులు చూసే పనిలో ఇన్నేళ్ళుగా నా దగ్గరికి వచ్చిన తప్పుల్లో చాలావరకు ఈ రెండే.

ముందు కాగితం మీద చూద్దాం. లిస్టులో 48 పేర్లు. పాస్ 33, ఫెయిల్ 9, అంటే పరీక్ష రాసినవాళ్ళు 42 మంది. మిగిలిన 6 మంది రాలేదు. రానివాళ్ళని తీసేయడం అంటే పైనున్న 33 నుంచి ఎవరినో తీసేయడం కాదు, ఆ 6 మంది ఎలాగూ పాస్‌లోనూ లేరు, ఫెయిల్‌లోనూ లేరు. తీసేయాల్సింది కింద, భాగించే సంఖ్యలో నుంచి. 48 బదులు 42 పెట్టాలి. 33ని 42తో భాగించి 100తో గుణిస్తే 78.57, 9ని 42తో భాగించి 100తో గుణిస్తే 21.43. మీ మొదటి లెక్కలో పైన రానివాళ్ళు లేరు, కింద మాత్రం ఉండిపోయారు. 100కి తగ్గిన ఆ 12.5 శాతం ఎవరిదనుకున్నారు? 48లో 6 మంది సరిగ్గా 12.5 శాతమే. అంటే మీకు తగ్గింది రానివాళ్ళ వాటాయే. పాస్, ఫెయిల్ కలిపి 100 కంటే తక్కువ వచ్చిందంటే, ఎవరో కింద ఉండి పైన లేరని అర్థం.

ఇప్పుడు ఆ రెండో లెక్క సంగతి. మీరు ఫార్ములా చూపించలేదు కానీ 81.25 అంటే 48లో 39 మంది. 33కి 6 కలిపితే 39. అంటే రాని ఆరుగురినీ ఎక్సెల్ పాస్ చేసేసింది. మీరు పెట్టింది దాదాపుగా ఇలాంటిదే అయివుండాలి:

```
=IF(C2>=35,"పాస్","ఫెయిల్")
```

ఇందులో ఏముంది తప్పు అనిపిస్తుంది, మార్కు 35 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పాస్, లేకపోతే ఫెయిల్, అంతే కదా. కానీ C2లో AB అని ఉన్నప్పుడు ఎక్సెల్ ఏం చేస్తుందో చూడాలి. అక్షరాలకీ అంకెకీ పోలిక పెడితే అది తప్పు చూపించదు, అక్షరాలున్న గడిని ఏ అంకెకంటే అయినా పెద్దదిగా లెక్కేస్తుంది. నా మాట నమ్మాల్సిన పని లేదు, ఒక ఖాళీ గడిలో ఇది కొట్టి చూడండి:

```
="AB">=35
```

TRUE అని వస్తుంది. 35 తీసి 1000 పెట్టినా TRUE నే. కాబట్టి పరీక్షకి రానివాడు మీ ఫార్ములా కళ్ళకి వెయ్యి మార్కులు తెచ్చుకున్నవాడికంటే ఎక్కువ. ఆరుగురూ పాస్ అయ్యారు, మొత్తం 48 మందీ పాస్‌లోనో ఫెయిల్‌లోనో పడ్డారు కాబట్టి శాతాలు కలిపితే 100 వచ్చింది. అందుకే 100 వచ్చిందా లేదా అనేది సరైన పరీక్ష కాదని నేను పదే పదే చెప్తుంటాను. ఎవరు ఏ గంపలో పడ్డారో అది చెప్పదు, అందరూ ఏదో ఒక గంపలో పడ్డారని మాత్రమే చెప్తుంది.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు ఇంకొకటి ఉంది, అదీ తెలుసుకోండి. కొంతమంది రానివాళ్ళకి AB పెట్టకుండా గడి ఖాళీగా వదిలేస్తారు. అదే IF ఫార్ములా ఖాళీ గడిని సున్నాగా తీసుకుంటుంది, సున్నా 35 కంటే తక్కువ కాబట్టి ఫెయిల్ అంటుంది. అప్పుడు మీ క్లాసుకే పాస్ 33, ఫెయిల్ 15 వస్తుంది, శాతాలు 68.75, 31.25, కలిపితే మళ్ళీ 100. ఒకే క్లాసు, ఒకే మార్కులు, AB పెడితే 81.25, ఖాళీ వదిలితే 68.75, రెండూ 100కి సరిపోతున్నాయి, రెండూ తప్పే. అసలైన 78.57 ఈ రెండింటి మధ్యలో ఉంది.

మరి ఎలా చేయాలి. పేర్లు B2 నుంచి B49 వరకు, మార్కులు C2 నుంచి C49 వరకు ఉన్నాయనుకుందాం. పక్కనే ఎక్కడైనా ఖాళీ చోట ఈ ఐదు పెట్టండి, ఒక్కో గడిలో ఒకటి, పక్కన అది ఏమిటో రాసుకోండి:

```
=COUNTA(B2:B49)
=COUNT(C2:C49)
=COUNTIF(C2:C49,"AB")
=COUNTIF(C2:C49,">=35")
=COUNTIF(C2:C49,"<35")
```

మొదటిది లిస్టులో ఎన్ని పేర్లున్నాయో చెప్తుంది, మీకు 48 రావాలి. రెండోది COUNT, ఇదే మనకి అసలు కావాల్సింది, ఎందుకంటే అది అంకెలున్న గడుల్ని మాత్రమే లెక్కపెడుతుంది, AB ఉన్నా ఖాళీ ఉన్నా పట్టించుకోదు. అంటే పరీక్ష రాసినవాళ్ళ సంఖ్య దానంతట అదే వచ్చేస్తుంది, 42. మూడోది రానివాళ్ళు, 6. నాలుగోది పాస్, 33. ఐదోది ఫెయిల్, 9. IF చేసిన పొరపాటు COUNTIF చేయదు, అంకెతో పోలిక ఇచ్చినప్పుడు అది అంకెల గడుల్నే చూస్తుంది, AB గడినీ ఖాళీ గడినీ వదిలేస్తుంది. అందుకే మీ మొదటి లెక్కలో 33, 9 రెండూ కరెక్టుగానే వచ్చాయి, భాగించేది మాత్రమే తప్పింది.

శాతానికి:

```
=COUNTIF(C2:C49,">=35")/COUNT(C2:C49)
=COUNTIF(C2:C49,"<35")/COUNT(C2:C49)
```

ఈ రెండు గడుల్నీ సెలెక్ట్ చేసి పైన ఉండే % బటన్ నొక్కండి, దశాంశాలు రెండు పెట్టుకోండి. 78.57%, 21.43% కనిపిస్తాయి. % బటన్ నొక్కాలనుకుంటే ఫార్ములాలో మళ్ళీ 100తో గుణించకండి, ఆ బటనే 100తో గుణించి చూపిస్తుంది. రెండూ చేస్తే 7857.14% అని వస్తుంది, అది చూసి చాలామంది ఫార్ములానే మార్చేస్తుంటారు. ఇంకొక సంగతి, క్లాసులో ఒక్క మార్కు కూడా ఎక్కించకముందే ఈ ఫార్ములా పెడితే COUNT సున్నా అవుతుంది, సున్నాతో భాగించలేదు కాబట్టి #DIV/0! అని వస్తుంది. భయపడకండి, మొదటి మార్కు ఎక్కించగానే పోతుంది.

శాతం కంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. పైన పెట్టిన ఐదు సంఖ్యలు ఒకదానితో ఒకటి సరిపోవాలి. రాసినవాళ్ళు ప్లస్ రానివాళ్ళు కలిపితే లిస్టులోని పేర్లు రావాలి, 42 + 6 = 48. పాస్ ప్లస్ ఫెయిల్ కలిపితే రాసినవాళ్ళు రావాలి, 33 + 9 = 42. ఈ రెండు కూడికలూ సరిపోతేనే శాతం వైపు వెళ్ళండి. నేనైతే ఈ కూడికల్లో మొదటిదాన్ని కూడా ఒక గడిలో పెట్టేస్తాను, తేడా ఎంతుందో అదే చూపిస్తుంది:

```
=COUNTA(B2:B49)-COUNT(C2:C49)-COUNTIF(C2:C49,"AB")
```

దీని జవాబు సున్నా రావాలి. రాకపోతే లిస్టులో ఎక్కడో ఒక గడి మనం అనుకున్నట్టుగా లేదు.

ఎలాంటివి దొరుకుతాయంటే, నాకు ఎక్కువగా ఎదురైనది AB తర్వాత ఒక స్పేస్ ఉండిపోవడం. కంటికి AB లాగే ఉంటుంది, COUNTIFకి మాత్రం అది వేరే మాట. చిన్న అక్షరాల్లో ab అని కొట్టినా ఫర్వాలేదు, ఎక్సెల్ దాన్నీ ABగానే తీసుకుంటుంది, కానీ స్పేస్‌ని క్షమించదు. ఇద్దరు ముగ్గురు కలిసి మార్కులు ఎక్కించిన షీటులో ఒకరు AB అని, ఇంకొకరు A అని, మరొకరు ఒక అడ్డగీత పెట్టడం కూడా మామూలే. ఆ తర్వాతది, అంకె లాగా కనిపించే అక్షరాలు. వేరే చోటి నుంచి కాపీ చేసి పేస్ట్ చేసినప్పుడు 38 అనేది కొన్నిసార్లు అంకెగా కాకుండా టెక్స్ట్‌గా కూర్చుంటుంది. సాధారణంగా అంకెలు గడిలో కుడివైపుకి, అక్షరాలు ఎడమవైపుకి సర్దుకుంటాయి, కాబట్టి మీరు అలైన్‌మెంట్ మార్చకుండా ఉంటే ఎడమవైపుకి ఒరిగి ఉన్న 38ని చూసి పట్టేయవచ్చు. దాన్ని COUNT లెక్కలోకి తీసుకోదు, అంటే 38 మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు పాస్‌లోనూ లేడు, ఫెయిల్‌లోనూ లేడు, రానివాళ్ళలోనూ లేడు. పాస్, ఫెయిల్ శాతాలు కలిపితే అప్పుడు కూడా 100 వస్తుంది! ఆ పిల్లవాడు మాయమైన సంగతి బయటపెట్టేది పైన చెప్పిన కూడిక ఒక్కటే.

ఆ తేడా మరీ పెద్ద సంఖ్యగా ఉంటే వెతకడం కష్టం కాబట్టి, మార్కుల పక్కన ఒక ఫలితం కాలమ్ పెట్టుకోండి. మీ పాత IF బదులు ఇది:

```
=IF(ISNUMBER(C2),IF(C2>=35,"పాస్","ఫెయిల్"),IF(TRIM(C2)="AB","AB","చూడాలి"))
```

ఇది మొదట గడిలో ఉన్నది నిజంగా అంకేనా అని అడుగుతుంది. అంకె అయితేనే 35తో పోలుస్తుంది. అంకె కాకపోతే, అటూ ఇటూ ఉన్న స్పేస్‌లు తీసేసి ABనా అని చూస్తుంది. అదీ కాకపోతే, ఖాళీ కానివ్వండి, అడ్డగీత కానివ్వండి, టెక్స్ట్‌గా కూర్చున్న 38 కానివ్వండి, "చూడాలి" అని రాస్తుంది. కొంతమంది ఈ చివరి మెట్టు తీసేసి, అంకె కాని ప్రతిదాన్నీ AB చేసే ఫార్ములా వాడతారు, చిన్నగా ఉంటుందని. నేను దానికి ఒప్పుకోను. మీరు మార్కు ఎక్కించడం మర్చిపోయిన పిల్లవాడు పరీక్షకి రాలేదని రికార్డయిపోతాడు, ఆ తర్వాత ఎవరూ చూడరు. ఖాళీ గడి అంటే "రాలేదు" కాదు, "ఇంకా తెలియదు". రానివాళ్ళకి తప్పకుండా AB అని చేత్తో పెట్టాలి, ఖాళీ వదలకూడదు అని నేను గట్టిగా పట్టుబట్టేది అందుకే.

ఇక సున్నా పెట్టడం. రానివాళ్ళకి 0 వేసే అలవాటు చాలా చోట్ల ఉంది, టోటల్ తేలిగ్గా వస్తుందని. నేను ఈ పనిలో కొత్తగా చేరిన ఏడాది ఒక షీటు నా చేతికి వచ్చింది, అందులో నాలుగు సున్నాలున్నాయి, నాలుగూ రానివాళ్ళవే అనుకుని తీసేసి శాతం ఇచ్చేశాను. ఆ నలుగురిలో ఒకమ్మాయి పరీక్షకి వచ్చింది, మూడు గంటలూ కూర్చుంది, పేపరు ఇచ్చింది, నిజంగానే సున్నా వచ్చింది. ఆ అమ్మాయి పేరు ఫెయిల్ లిస్టులో లేదు కాబట్టి మళ్ళీ పాఠాలు చెప్పే పిల్లల లిస్టులోకి కూడా ఎక్కలేదు. అందరికంటే ఎక్కువ సాయం కావాల్సిన పిల్ల ఆ లిస్టు నుంచి జారిపోయింది. వాళ్ళమ్మ వచ్చి అడిగేవరకు నాకు తెలియలేదు, అది ఇప్పటికీ మనసులో ఉండిపోయింది. సున్నా ఒక మార్కు. AB మార్కు కాదు. ఒకసారి రెండింటినీ 0 చేసేశాక వాటిని విడదీసే ఫార్ములా ఏదీ లేదు, పరీక్ష గదిలో సంతకాలు పెట్టించిన హాజరు షీటు తీసి ఒక్కొక్కరినీ చూసుకోవాల్సిందే. మీ షీటులో ఇప్పటికే సున్నాలుంటే శాతం తీసేముందు ఆ పని చేయండి.

ఇక్కడిదాకా ఒక్క సబ్జెక్టు. మీరు అడగలేదు కానీ రేపు మిమ్మల్ని "మొత్తం మీద క్లాసు పాస్ శాతం ఎంత" అని కూడా అడుగుతారు, అక్కడ రానివాళ్ళ సంగతి ఇంత తేలిగ్గా తెగదు, కాబట్టి అదీ చెప్తాను. మీ క్లాసుకే మూడు సబ్జెక్టులున్నాయనుకుందాం, మూడూ పాసైతేనే పాస్. నలుగురు ఒక్క పరీక్షా రాయలేదు. ఐదుగురు రెండు రాసి ఒకటి మానేశారు, వాళ్ళలో ఇద్దరు మానేసింది లెక్కలే (నలుగురూ ఈ ఇద్దరూ కలిసి లెక్కల్లో మీ ఆరుగురు). మిగిలిన 39 మంది మూడూ రాశారు, అందులో 28 మంది మూడూ పాస్, 11 మంది ఏదో ఒకదాంట్లో గానీ అంతకంటే ఎక్కువ వాటిలో గానీ ఫెయిల్.

ఆ నలుగురిని తీసేయడంలో ఎవరికీ గొడవ లేదు. గొడవంతా ఆ ఐదుగురితోనే. రాసిన రెండూ పాసైన పిల్లవాడు మూడోది రాయకపోతే వాడు ఫెయిలా, రానివాడా? ఒక పద్ధతిలో మూడూ రాసినవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటారు. అప్పుడు 39లో 28, పాస్ 71.79 శాతం, ఫెయిల్ 28.21 శాతం. ఇంకో పద్ధతిలో ఒక్క పరీక్ష రాసినా హాజరైనట్టే, మానేసిన సబ్జెక్టు పాస్ కాలేదు కాబట్టి వాడు ఫెయిల్. అప్పుడు 44లో 28, పాస్ 63.64, ఫెయిల్ 36.36. ఎనిమిది శాతానికి పైగా తేడా, ఒక్క మార్కు కూడా మారకుండానే.

నన్నడిగితే మూడోది కూడా ఉంది, పిల్లలకి సాయం ప్లాన్ చేసుకోవడానికి నేను లోపల వాడుకునేది అదే. ఆ ఐదుగురిలో ఇద్దరు తాము రాసిన లెక్కల్లోనే ఫెయిలయ్యారు. వాళ్ళు మానేసిన పరీక్ష రాసి నూటికి నూరు తెచ్చుకున్నా మొత్తం మీద ఫెయిలే, వాళ్ళ ఫలితం తేలిపోయింది. మిగతా ముగ్గురు రాసినవన్నీ పాసయ్యారు, వాళ్ళ ఫలితం నిజంగానే తెలియదు. తేలనివాళ్ళని మాత్రమే పక్కన పెడితే భాగించే సంఖ్య 41 అవుతుంది, పాస్ 28, ఫెయిల్ 13, శాతాలు 68.29, 31.71. తెలిసిన ఏ ఫలితాన్నీ ఇది వదిలేయదు, తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పదు. కానీ పైవాళ్ళకి పంపేటప్పుడు నా ఇష్టం కాదు కదా, వాళ్ళు ఏ పద్ధతి అడిగారో అదే ఇవ్వాలి. "రానివాళ్ళని తీసేసి" అని ఎవరైనా అంటే, మొత్తం ఫలితం విషయంలో మీరు తిరిగి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఒక్క పరీక్ష మానేసినవాడు హాజరైనట్టా, కాదా? జవాబు తెలిశాక అన్ని సెక్షన్లకీ అదే వాడండి. ఒక సెక్షన్‌కి ఒకలా, ఇంకోదానికి ఒకలా చేస్తే పోల్చడానికి పనికిరాదు.

ఎక్సెల్‌లో దీనికి పెద్ద కష్టమేం లేదు. మూడు సబ్జెక్టులు C, D, Eల్లో ఉంటే, ఒక్కో పిల్లవాడి వరసలో ఈ రెండు గడులు చాలు:

```
=COUNT(C2:E2)
=COUNTIF(C2:E2,">=35")
```

మొదటిది వాడు ఎన్ని రాశాడో, రెండోది ఎన్ని పాసయ్యాడో చెప్తుంది. మొదటిది సున్నా అయితే అసలు రాలేదు. రెండూ 3 అయితే పాస్. మొదటిది 3, రెండోది అంతకంటే తక్కువ అయితే ఫెయిల్. మొదటిది 1 గానీ 2 గానీ అయితే ఒకటో రెండో మానేశాడు, వాళ్ళలో రెండు సంఖ్యలూ సమానంగా ఉంటే తేలనివాడు, రెండోది తక్కువగా ఉంటే ఇప్పటికే ఫెయిల్. మూడు పద్ధతులకీ కావాల్సిన సంఖ్యలు ఈ రెండు కాలమ్‌ల నుంచే వస్తాయి.

సెక్షన్లు అన్నాను కాబట్టి ఒక మాట. మీ సెక్షన్‌లో 42 మంది రాసి 33 పాస్, 78.57. పక్క సెక్షన్‌లో 20 మందే రాసి 18 పాస్, 90 శాతం అనుకుందాం. రెండు సెక్షన్లకీ కలిపి ఎంత అంటే 78.57, 90 కలిపి సగం చేసి 84.29 అని ఇవ్వకండి. పాసైనవాళ్ళని కలపండి, 51. రాసినవాళ్ళని కలపండి, 62. 51ని 62తో భాగిస్తే 82.26, అదే కరెక్టు. రానివాళ్ళని తీసేశాక ఒక్కో సెక్షన్‌కి భాగించే సంఖ్య వేరవుతుంది, లిస్టులో రెండు సెక్షన్లకీ సమానంగా పేర్లున్నా సరే. అందుకే శాతాల సగటు ఇక్కడ అస్సలు పనికిరాదు.

దశాంశాలు తీసేసి రాయమంటే కొంచెం చూసుకోండి. 40 మంది రాసి 35 పాస్, 5 ఫెయిల్ అయితే శాతాలు 87.5, 12.5. రెండింటినీ పైకి సవరిస్తే 88, 13, కలిపితే 101. ఒక్క దశాంశం ఉంచేయండి, లేదా పాస్ శాతం సవరించి ఫెయిల్‌ని 100 నుంచి తీసివేతగా రాయండి.

చివరిగా, మీరు శాతం పంపేటప్పుడు ఒక్క 78.57 అని మాత్రం పంపకండి. ఎందుకో మీ క్లాసుతోనే చెప్తాను. ఫెయిలైన ఆ 9 మందిలో నలుగురు పరీక్షంటే టెన్షన్ పడి ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయారనుకోండి. పాస్ 33 అలాగే ఉంటుంది, రాసినవాళ్ళు 38 అవుతారు, పాస్ శాతం 86.84కి ఎక్కేస్తుంది. ఒక్కరు కూడా కొత్తగా పాస్ కాలేదు, ఎవరికీ ఏమీ అదనంగా రాలేదు, శాతం మాత్రం ఎనిమిది పెరిగింది. రానివాళ్ళని తీసేసిన శాతానికి ఉన్న లోపం ఇదే, బలహీనమైన పిల్లలు మానేస్తే అది పెరుగుతుంది. పరీక్ష రాసినవాళ్ళు ఎలా రాశారో అది నిజంగానే చెప్తుంది, క్లాసు మొత్తానికి ఎంత వచ్చో చెప్పదు. నేను ఎప్పుడూ ఇలా ఒక్క వరసలో రాస్తాను: "లిస్టులో 48, హాజరు 42, రానివారు 6, పాస్ 33, ఫెయిల్ 9, హాజరైనవారిలో పాస్ 78.57%, ఫెయిల్ 21.43%". ఇలా రాస్తే చదివేవాళ్ళు ఏ సంఖ్యతో భాగించారని మళ్ళీ ఫోన్ చేయరు, 48 మీద కావాలంటే వాళ్ళే 68.75 తీసుకుంటారు.

మీ షీటులో ఆ తేడా గడి సున్నా రాకపోతే, ఎంత వచ్చిందో, "చూడాలి" అని పడిన గడుల్లో ఏముందో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. పిల్లల పేర్లు మాత్రం తీసేసి పెట్టండి.